ఎక్కువ గంటలు పని చేశానని గొప్పగా రాసిన పోస్టును నిజాయితీగా తిరగరాయడం ఎలా

రెండేళ్ల కిందట ఒక ఆదివారం రాత్రి నేను పెట్టిన పోస్టు ఇది:

> ఈ వారం 82 గంటల పని. నిద్ర అంటే ఏమిటో మర్చిపోయినట్టున్నాను! ఇంట్లోవాళ్లు నన్ను గుర్తుపడతారో లేదో. ఏం చేస్తాం, మనసు పెట్టి చేసే పనిలో గంటలు లెక్కపెట్టుకోలేం కదా. ఇంత పెద్ద బాధ్యత నాలాంటి మామూలువాడికి ఎందుకు అప్పగించారో ఇప్పటికీ అర్థం కావడం లేదు. టీమ్‌కి ధన్యవాదాలు. కష్టే ఫలి.

లైకులు బాగానే వచ్చాయి. "మీరు గ్రేట్", "ఆరోగ్యం జాగ్రత్త" అని చాలామంది రాశారు. నా పక్క సీట్లో కూర్చునే సహోద్యోగి మాత్రం మర్నాడు ఫోన్ చేసి, వేరే విషయం మాట్లాడి, పెట్టేసే ముందు "శనివారం మేమూ వచ్చాం కదా" అన్నాడు. కోపంగా ఏమీ అనలేదు. ఆ మాట విన్నాక పోస్టు మళ్లీ చదువుకుంటే అందులో అబద్ధం ఒక్కటీ కనిపించలేదు, నిజం కూడా పెద్దగా కనిపించలేదు. ఆ శుక్రవారం దాన్ని తిరగరాశాను. ఆ పని ఎలా చేశానో, మీ పోస్టుతో మీరు ఎలా చేసుకోవచ్చో వరసగా చెబుతాను.

మీ పాత పోస్టును ముందే తీసేయకండి. అది మీ ముడిసరుకు. కొత్తగా మొదటి నుంచి రాయబోతే అదే గొప్ప ఇంకో వేషంలో వచ్చి కూర్చుంటుంది. పాత వాక్యాలు ఎదురుగా ఉంటేనే ఏది దాచామో తెలుస్తుంది.

1. ఒక్కో వాక్యాన్ని విడదీసి, దానికి ఏ జవాబు కోరుకున్నారో రాయండి

పోస్టును కాగితం మీద ఒక్కో వాక్యం ఒక్కో లైనుగా రాసుకోండి. పక్కనే, "ఇది చదివి ఎవరైనా నాతో ఏమనాలని రాశాను?" అన్న ప్రశ్నకు జవాబు రాయండి. వాక్యానికి అర్థం ఏమిటి అని అడగవద్దు. అర్థం అడిగితే ప్రతి వాక్యం తనను తాను సమర్థించుకుంటుంది. కోరుకున్న జవాబు అడిగితే తప్పించుకోలేదు.

నా పోస్టు పక్కన నేను రాసుకున్న జవాబులు ఇవి. "82 గంటల పని" దగ్గర: "అమ్మో, అంతా?" అనాలి. "నిద్ర అంటే ఏమిటో మర్చిపోయాను" దగ్గర: "పాపం" అనాలి, ఆ వెంటనే "ఎంత కష్టజీవి" అని కూడా అనాలి. "మామూలువాడికి ఎందుకు అప్పగించారో" దగ్గర: "మీరు మామూలువాళ్లా? మీరు కాక ఇంకెవరు చేయగలరు?" అనాలి. "గంటలు లెక్కపెట్టుకోలేం" అన్న వాక్యం రాసింది, మొదటి వాక్యంలోనే గంటలు లెక్కపెట్టి చెప్పిన మనిషి.

గమనిస్తే వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి బాధ ముసుగు వేసుకున్న గొప్ప: నిద్ర లేదు, ఇంట్లోవాళ్లు గుర్తుపడతారో లేదో అన్నవి. ఇంకోటి వినయం ముసుగు వేసుకున్న గొప్ప: నాలాంటి మామూలువాడికి అన్నది. 2018లో ఒవుల్ సెజర్ అనే పరిశోధకురాలు మరో ఇద్దరితో కలిసి ఇలాంటి మాటల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో కూడా ఈ రెండు రకాలనే చూపించారు. నేరుగా సొంత డబ్బా కొట్టుకునేవాళ్లకంటే, నేరుగా బాధ చెప్పుకునేవాళ్లకంటే, ఈ ముసుగు మాటలవాళ్లే వినేవాళ్లకు తక్కువ నచ్చారని వాళ్లకు తేలింది. ఈ మనిషి మనసులో మాట చెప్పడం లేదు అనిపించడమే దానికి కారణం. అంటే మన గర్వమూ తప్పు కాదు, మన అలసటా తప్పు కాదు. రెంటినీ ఒకే వాక్యంలో కుక్కి, ఒకదాని వెనక ఇంకోదాన్ని దాచడం దగ్గరే చెడుతుంది.

కాబట్టి తిరగరాయడంలో సగం పని విడదీయడమే. గర్వం ఒక చోట, అలసట ఒక చోట, జరిగింది ఒక చోట. కాగితం మీద ప్రతి వాక్యం పక్కన "వార్త", "గర్వం", "బాధ" అని రాయండి. రెండు పేర్లు పడిన వాక్యాలను సున్నా చుట్టి ఉంచండి. కొత్త పోస్టులోకి అవి ఆ రూపంలో రాకూడదు. నా పోస్టులో "టీమ్‌కి ధన్యవాదాలు" అన్నదానికి ఏ పేరూ పెట్టలేకపోయాను. అది చదివి ఎవరూ ఏమీ అనాలని నేను కోరుకోలేదు. నా సహోద్యోగికి తగిలింది ఆ వాక్యమే.

2. గంటల లెక్క తేల్చండి

ఈ మెట్టు మీద అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టండి. పోస్టులో మొదట కనపడేది ఆ అంకె. మనం ఎప్పుడూ సరిచూసుకోనిదీ అదే.

జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. క్యాలెండర్, పంపిన మెయిళ్లు, చాట్‌లో మీరు పెట్టిన మొదటి, చివరి మెసేజ్‌ల టైములు, ఇంటికి బయలుదేరాను అని పెట్టిన మెసేజ్‌లు, ఇవన్నీ తెరిచి రోజుకి ఒక లైను రాయండి. నాది ఇలా వచ్చింది: సోమవారం పదకొండున్నర గంటలు, మంగళవారం పన్నెండున్నర, బుధవారం 14, గురువారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి రెండున్నర దాకా 17, శుక్రవారం 12, శనివారం 9, ఆదివారం 6. కలిపితే సరిగ్గా 82. నేను అంకె పెంచి రాయలేదని అప్పుడు కాస్త ఊరట కలిగింది. తర్వాతి ప్రశ్న అడిగాక ఆ ఊరట పోయింది.

ఆ ప్రశ్న ఏమిటంటే, ఆ 82 గంటలు ఎక్కడికి పోయాయి? ముందు తిండికి, కాస్త నడిచి రావడానికి, ఫోన్ చూసుకుంటూ కూర్చోవడానికి పోయినవి తీసేశాను. రోజుకు గంటన్నర పైనే, వారానికి 11 గంటలు. మిగిలింది 71. అందులో 7 గంటలు కంప్యూటర్‌లో నడిపిన ఒక స్క్రిప్ట్ పూర్తయ్యేదాకానో, ఇంకెవరో సరేననేదాకానో ఊరికే కాచుకుని కూర్చున్నవి. ఇంకో 13 గంటలు నేను చేసిన పొరపాటును నేనే సరిదిద్దుకోవడానికి పోయాయి. పని నిజంగా ముందుకు కదిలింది 51 గంటలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క మిమ్మల్ని మీరు కొట్టుకోవడానికి కాదు. కాచుకుని కూర్చున్న 7 గంటలూ పనే, ఎందుకంటే లేచి వెళ్లిపోయే వీలు లేదు. నర్సుగానో కాపలా పనిలోనో ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. వాళ్ల డ్యూటీలో చాలా భాగం ఎదురుచూడటమే, ఆ ఎదురుచూపే పని. కాబట్టి పోస్టులో 51 అని రాస్తే అదీ నిజం కాదు. 71 అని రాసి, అందులో ఏముందో చెప్పడం నిజం.

ఇక పొరపాటు. పాత సిస్టమ్‌లోని కస్టమర్ల వివరాలను కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని మాది. ఏ పాత కాలమ్ ఏ కొత్త కాలమ్‌లోకి వెళ్లాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. గురువారం రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకి, బుధవారం సరిచేసిన ఫైలు బదులు మంగళవారం నాటి ఫైలుతో స్క్రిప్ట్ నడిపాను. రెండు ఫైళ్ల పేర్లలో తేడా చివరి అక్షరమే. తెర మీద రెండూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కింది దాన్ని నొక్కాల్సింది, పైదాన్ని నొక్కాను. ఎర్రర్ రాలేదు, అంతా సవ్యంగా అయిపోయినట్టే కనపడింది. ఇంటి నంబరు ఉండాల్సిన చోట వీధి పేరు చేరిందని శుక్రవారం పొద్దున తెలిసింది. బ్యాకప్ వెనక్కి తెచ్చి, మధ్యలో చేసినదంతా మళ్లీ చేయాల్సి వచ్చింది. శనివారం ఇద్దరు సహోద్యోగులు వచ్చి కూర్చోకపోతే ఆదివారానికి అయ్యేది కాదు.

గురువారం నేను నిద్ర లేచింది ఆరున్నరకి. ఒంటిగంటా పదికి పద్దెనిమిది గంటలు దాటి మేలుకుని ఉన్నాను. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో, 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చెయ్యీ కన్నూ కలిసి చేసే పనిలో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషిలా తడబడ్డాడు. చాలా దేశాల్లో ఆ మోతాదు దాటితే బండి నడపనివ్వరు. నేను పోస్టులో "నిద్ర అంటే ఏమిటో మర్చిపోయాను" అని గొప్పగా చెప్పుకున్న ఆ మెలకువే ఆ 13 గంటల పనిని పుట్టించింది. ఆ పనిని మళ్లీ 82లో కలిపి గొప్ప చెప్పుకున్నాను.

మీ లెక్కలో కూడా ఇలాంటి గంటలు ఉంటాయి. వాటిని పట్టుకునే గుర్తు ఒకటుంది: అర్ధరాత్రి దాటాక చేసిన పనిని మర్నాడు ఎంతసేపు మళ్లీ ముట్టుకోవాల్సి వచ్చిందో చూడండి. రాత్రి రాసిన మెయిల్‌కి పొద్దున ఇచ్చుకున్న వివరణ, రాత్రి చేసిన డ్రాయింగ్‌ను పొద్దున చెరిపి గీయడం, ఇవన్నీ అక్కడ కనపడతాయి.

3. అన్ని గంటలు ఎందుకు పట్టాయో ఒక్క మెట్టు వెనక్కి వెళ్లి చూడండి

"పని ఎక్కువ" అన్నది కారణం కాదు. పని ఎక్కువైందని మీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఎవరికి చెప్పారు అన్నది అడగండి. నాకు సోమవారం మధ్యాహ్నానికే అనుమానం వచ్చింది, ఈ వేగంతో ఆదివారానికి కాదని. ఎవరికీ చెప్పలేదు. చేతకాలేదంటారేమో అని టెన్షన్. బుధవారం సాయంత్రం చెప్పాను. అప్పటికి తేదీ జరపడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ తేదీ మీద ఇంకో నాలుగు పనులు వేలాడుతున్నాయి.

ఇందులో నా చేతిలో లేనివీ ఉన్నాయి. టీమ్‌లో ఒకరిని నెల ముందు వేరే పనికి మార్చారు, బదులు ఎవరినీ ఇవ్వలేదు. ఇది రాయాలా వద్దా? ఇక్కడ నా సలహా ఖచ్చితంగా ఒకటే: మీ చేతిలో లేనిదాన్ని కాగితం మీద రాసుకోండి, పోస్టులో పెట్టకండి. అది మీ పై అధికారితో మాట్లాడాల్సిన విషయం. నలుగురిలో పెడితే నిజాయితీ అనిపించుకోదు, ఫిర్యాదు అవుతుంది. ఉద్యోగానికీ ముప్పు. అలాగని అంతా మీ తప్పే అన్నట్టూ రాయవద్దు. "మనుషులు తక్కువ ఉన్న వారం" అన్న నాలుగు మాటలు చాలు, చదివేవాళ్లకు అర్థమవుతుంది.

మీకు అసలు ఎంపికే లేకపోతే, అంటే షిఫ్టు వేశారు, రాకపోతే జీతం కోత అంటే, ఈ మెట్టు చాలా చిన్నది. ఆ విషయమే ఒక వాక్యంలో చెప్పండి. మోజు పడి చేసిన పనిలా రంగు పూయవద్దు. బలవంతాన్ని ఇష్టంగా చూపించడం కూడా గొప్పలు చెప్పుకోవడంలో ఒక రకమే, అది మీ పక్కన అదే షిఫ్టు చేస్తున్నవాళ్లకు అన్యాయం చేస్తుంది.

4. "ఇంట్లోవాళ్లు" అనే మాట కొట్టేసి, ఒక్క సంఘటన పెట్టండి

"కుటుంబానికి సమయం ఇవ్వలేకపోయాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తగలదు, రాసినవాళ్లకు కూడా. ఆ వారంలో మీ గంటల ఖరీదు ఎవరు, ఏ నిమిషాన కట్టారో వెతకండి. ఫోన్‌లోనే దొరుకుతుంది. నాకు దొరికింది గురువారం రాత్రి 11.50కి మా ఆవిడ పెట్టిన మెసేజ్: "తలుపు గడియ పెట్టుకోనా, వస్తావా?" నేను దాన్ని చూసింది 2.40కి, మెట్లెక్కుతూ. గడియ పెట్టలేదు. హాల్లో లైటు వెలుగుతోంది. తను కుర్చీలోనే నిద్రపోయింది. "ఇంట్లోవాళ్లు నన్ను గుర్తుపడతారో లేదో" అని నేను రాసిన పోస్టును తను చదివిందని నాకు తెలుసు. ఏమీ అనలేదు.

ఇలాంటిది రాసేముందు ఆ మనిషిని అడగండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. మీ నిజాయితీ కోసం వేరొకరి జీవితం బయట పెట్టే హక్కు మీకు రాదు. నేను అడిగితే తను "పోస్టులో కుర్చీ సంగతి వద్దు, మెసేజ్ పెట్టుకో" అంది. అంతే పెట్టాను. సహోద్యోగులిద్దరినీ కూడా అడిగాను, పేర్లు వద్దన్నారు.

5. గర్వాన్ని ఒక్క వాక్యంలో, సూటిగా చెప్పండి

తిరగరాసేటప్పుడు చాలామంది ఇక్కడ అవతలి కొసకు పోతారు. గొప్పలు చెప్పుకోవడం తప్పు అనిపించగానే మంచి మాట ఒక్కటీ లేకుండా తమను తాము తిట్టుకుంటూ రాస్తారు. అది కూడా "అయ్యో, అలా అనుకోకండి" అన్న జవాబు కోసం వేసిన గాలమే. మొదటి మెట్టులో అడిగిన ప్రశ్న దీన్నీ పట్టేస్తుంది.

నిజంగా బాగా చేసింది ఏదో ఉంటుంది. దాన్ని "నాకు గర్వంగా ఉంది" అనే మాటతోనే చెప్పండి, దేని గురించో కూడా చెప్పండి. ఎన్ని గంటలు కూర్చున్నారన్నది గర్వపడాల్సిన విషయం కాదు. గంటల తర్వాత బల్ల మీద మిగిలింది ఏమిటన్నది గర్వపడాల్సిన విషయం. నాకైతే ఆదివారం సాయంత్రం పాత సిస్టమ్‌లో ఎన్ని పేర్లున్నాయో కొత్తదాంట్లోనూ సరిగ్గా అన్నే తేలిన ఆ క్షణం. అది రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు.

6. విశ్రాంతి గురించి జరిగిందే రాయండి, జరగబోయేది కాదు

పాత పోస్టులో విశ్రాంతి లేనే లేదు. కొత్తదాంట్లో దాన్ని తెచ్చి పెట్టేటప్పుడు ఇంకో అబద్ధం దూరే ప్రమాదం ఉంది: "ఇకనుంచి పని, జీవితం బ్యాలెన్స్ చేసుకుంటాను." అది రాసిన మర్నాడే మీరు రాత్రి పదకొండింటికి మెయిల్ పంపితే, ఆ మెయిల్ అందుకున్నవాళ్లు పోస్టు కూడా చదివే ఉంటారు.

అందుకే పని అయిపోయిన రాత్రే రాయవద్దు. నాలుగైదు రోజులు ఆగండి. అలసట ఎలా తీరుతుంది అన్నది ఆ రాత్రికి మీకే తెలియదు. ఆ రోజుల్లో రోజుకి ఒక లైను రాసుకోండి: ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి లేచాను, పొద్దున ఎలా ఉంది. నేను సోమవారం సెలవు పెట్టి పదింటిదాకా పడుకున్నాను. లేచాక తల బరువు అలాగే ఉంది. మధ్యాహ్నం నాలుగుసార్లు ఆఫీసు చాట్ తెరిచాను, ఎవరూ పిలవకుండానే. మంగళవారం మీటింగులో ఒక మాట మధ్యలో ఏం చెబుతున్నానో మర్చిపోయాను. మళ్లీ మామూలు మనిషినయ్యింది బుధవారం సాయంత్రానికి. అంటే ఒక వారం పని మరో మూడు రోజులు మింగింది. ఆ మూడు రోజులు కూడా ఖర్చులో రాయాలి. "కష్టే ఫలి" అని రాసిన రాత్రి నాకు ఆ సంగతి తెలియదు.

మార్పు ఏదైనా రాయదలిస్తే, కనీసం ఒక్కసారి చేసి చూసినదే రాయండి. ఒక్కసారే చేశానని కూడా రాయండి.

ఇక్కడే చాలామందికి ఏదైనా ఆరోగ్య గణాంకం అతికించాలనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన మాట చాలామంది చూసే ఉంటారు: వారానికి 35 నుంచి 40 గంటలు పని చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు పైగా చేసేవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం ఎక్కువ, రక్తనాళాలు పూడుకుపోయే గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నిజమే, తెలుసుకోవాల్సిందే. కానీ మీ పోస్టులో అది పెడితే మీ వారం పక్కకు పోయి ఉపన్యాసం మొదలవుతుంది. మీ మెసేజ్ టైము, మీ తల బరువు చాలు. అంకెలు కావాలని ఎవరైనా అడిగితే అప్పుడు చెప్పండి.

7. ఇప్పుడు కలిపి రాయండి

వరస ఇలా పెట్టుకోండి: ఏం పని, ఎన్ని గంటలు, గర్వం. ఆ తర్వాత గంటల్లో దాచినది. ఆ తర్వాత ఖరీదు కట్టినవాళ్లు. చివర విశ్రాంతి, అది ఎంతవరకు కుదిరితే అంతవరకే. ముగింపు వాక్యం కోసం వెతకవద్దు. "నేను నేర్చుకున్నది ఏమిటంటే" అని చెయ్యి రాయబోతే అక్కడే ఆపేయండి. నా రెండో పోస్టు ఇది:

> కిందటి వారం 71 గంటలు పని చేశాను. పాత సిస్టమ్‌లోని కస్టమర్ల వివరాలను కొత్తదాంట్లోకి మార్చే పని. ఆదివారం సాయంత్రం రెండు వైపులా లెక్క సరిపోయింది. ఈ పని నాకు అప్పగించినందుకు, అది పూర్తయినందుకు గర్వంగా ఉంది.
>
> ఆ 71లో 13 గంటలు నా పొరపాటును సరిదిద్దడానికే పోయాయి. గురువారం రాత్రి ఒంటిగంట దాటాక తప్పు ఫైలు నడిపాను. అప్పటికి పద్దెనిమిది గంటలకు పైగా మేలుకుని ఉన్నాను, ఆపేసి ఇంటికి వెళ్లాల్సింది. దాన్ని సరిచేయడానికి ఇద్దరు సహోద్యోగులు తమ శనివారం వదులుకున్నారు. ఆదివారం పెట్టిన పోస్టులో ఆ మాట చెప్పలేదు, అది నా తప్పు.
>
> మనుషులు తక్కువ ఉన్న వారం. తేదీకి అందదేమోనని నాకు సోమవారమే అనిపించింది. బుధవారం దాకా ఎవరికీ చెప్పలేదు. "తలుపు గడియ పెట్టుకోనా, వస్తావా?" అని ఇంటినుంచి 11.50కి వచ్చిన మెసేజ్‌ని 2.40కి చూశాను.
>
> సోమవారం సెలవు పెట్టి పడుకున్నాను. బుధవారం సాయంత్రానికి గానీ తల తేలిక పడలేదు. నిన్న ఇంకో పని తేదీ మీద అనుమానం వస్తే ఆ గంటలోనే చెప్పాను. రెండు రోజులు గడువు ఇచ్చారు. ఇలా చెప్పడం ఇదే మొదటిసారి.

పాతదానికి మూడింతలు పొడుగుంది, లైకులు అందులో సగం కూడా రాలేదు. మీకూ అలాగే జరగవచ్చు, దానికి సిద్ధపడే పెట్టండి.

పెట్టే ముందు ఒకరికి చదివి వినిపించండి

ఆ వారం మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లకే వినిపించాలి. మిమ్మల్ని మెచ్చుకునే స్నేహితుడు ఇందుకు పనికిరాడు. పైకి చదువుతున్నప్పుడు మీ గొంతు ఎక్కడ తొందరపడిందో గమనించండి. నేను "అది నా తప్పు" అన్న చోట వేగం పెంచాను. మా ఆవిడ ఆపి, "అదేదో గబగబా అనేశావు, మళ్లీ చదువు" అంది. మొదట అక్కడ "అది నా తప్పే, ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి" అని ఉండేది. రెండో సగం నన్ను నేను పొగుడుకోవడమే. కొట్టేశాను.

తిరగరాసిన పోస్టు మళ్లీ గొప్పగా మారేది ఎక్కువగా ఇలాగే. ఒప్పుకోలును ధైర్యంగా చూపించడం ఒకటి. విశ్రాంతిని కూడా పోటీ చేయడం ఇంకోటి: "ఇప్పుడు రోజూ తొమ్మిదింటికే పడుకుని నాలుగింటికి లేస్తున్నాను, జీవితం మారిపోయింది" అనడం. గంటల అంకె తీసేసి నిద్ర అంకె పెట్టారు, అంతే తేడా. రెండు చోట్లా విరుగుడు ఒకటే, ఆ వాక్యాన్ని మొదటి మెట్టు దగ్గరికి తీసుకువెళ్లి కోరుకున్న జవాబు ఏమిటో అడగండి.

ఒక్కోసారి మెట్లన్నీ ఎక్కాక అసలు పెట్టకపోవడమే సరి అనిపిస్తుంది. నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది, పొద్దున పనికి వెళ్లాలంటే ఛాతీ పట్టేస్తోంది అన్న స్థితిలో ఉంటే అది పోస్టుకు సంబంధించిన విషయం కాదు. డాక్టరుకి, ఇంట్లో ఒకరికి చెప్పాల్సిన విషయం. కాగితం మీద రాసుకున్నది అక్కడ ఉపయోగపడుతుంది, ముఖ్యంగా రెండో మెట్టులో రోజువారీ రాసుకున్న గంటలు, ఆరో మెట్టులో రాసుకున్న నిద్ర. వాటిని డాక్టరుకి చూపించండి.

పెట్టాక వచ్చే మాటలు

పోస్టు కింద "నేను 90 చేశాను బ్రదర్" అని ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. నాకూ వచ్చింది, అదీ మొదటి అరగంటలోనే. అతనికి ఆరోగ్యం గురించి చెప్పబోయి చెరిపేశాను. అతను రాసింది నేను ఆదివారం రాసిన పోస్టులాంటిదే, దాని వెనక ఏముందో నాకు కాస్త తెలుసు. "ఆ తర్వాతి మూడు రోజులు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. సాయంత్రం దాకా జవాబు రాలేదు. రాత్రి విడిగా మెసేజ్ పెట్టాడు, వాళ్ల టీమ్‌లో కూడా శనివారం వచ్చినవాళ్లున్నారని.